ప్రేమికుల రోజుకి ఒక గుంత

చిన్నీ,

నిన్న నువ్వు ఫోన్ పెట్టేశాక నాలో నేనే నవ్వుకున్నాను. పోయిన ఫిబ్రవరి 14న హోటల్లో టేబుల్ కోసం గంటన్నర నిలబడి, గులాబీలు కొని, ఫొటోలు దిగి, ఇంటికొచ్చి ఇద్దరూ మాటా పలుకూ లేకుండా పడుకున్నారన్నావు. ఈసారి ఇంకేదైనా చెప్పత్తా అన్నావు. దామలచెరువు పక్కన పుట్టి పెరిగిన నాకు తెలిసింది మామిడి ఒక్కటే. మీ తిరుచానూరు ఇంటి వెనకాల జాగా ఖాళీగానే ఉంది కదా, ఆ రోజు నువ్వూ అల్లుడూ అక్కడ ఒక గుంత తవ్వండి.

గుంత మాత్రమే. మొక్క తొందరపడి తేవద్దు. ఫిబ్రవరిలో నాటితే వెంటనే మన ఎండలు మీద పడతాయి, లేత వేరు తట్టుకోలేదు. నాటేది జూన్, జూలైలో, రెండు మంచి వానలు పడ్డాక. అందాకా గుంత ఎండాలి. మట్టిలో ఉండే పురుగూ గుడ్లూ ఆ ఎండకి చాలావరకు చస్తాయి.

గోడకి పన్నెండు అడుగులైనా ఎడం ఉంచండి. పొడవు, వెడల్పు, లోతు మూడేసి అడుగులు. పైన ఒక అడుగు మట్టిని ఒక పక్కకి, కింది మట్టిని ఇంకో పక్కకి పోయాలి. సారం అంతా పైమట్టిలోనే ఉంటుంది, రెండూ కలిపేస్తే మళ్లీ విడదీయలేరు. ఒకరు గడ్డపార పట్టండి, ఒకరు గంపతో ఎత్తండి, అలిసినప్పుడు మార్చుకోండి. గరప నేల తగిలితే మొదటి రోజు అడుగు లోతు కూడా దిగదు. మిగిలింది వచ్చే ఆదివారాల్లో తవ్వుకోవచ్చు. పక్కింటి వాళ్లు సెప్టిక్ ట్యాంకా అని అడుగుతారు, ఏదో ఒకటి చెప్పండి.

ఏ రకం అన్నది ఈ నాలుగు నెలల్లో మీరు తేల్చుకోవాలి. అల్లుడు బేనీషా అంటాడు, నాకు తెలుసు. అది ఒక ఏడు విరగకాసి మరుసటేడు ముఖం చాటేస్తుంది. నీలం చిన్న కాయే, ఆలస్యంగా వస్తుంది, కానీ దాదాపు ప్రతి ఏడూ కాస్తుంది. జాగా ఇరుకనిపిస్తే ఆమ్రపాలి పెట్టండి, చెట్టు గుబురుగా పొట్టిగానే ఉంటుంది. బెంగుళూరు మాత్రం వద్దు, అది జ్యూస్ ఫ్యాక్టరీల కాయ.

వానలు పడ్డాక పైమట్టిలో రెండు గంపల పశువుల ఎరువు కలిపి ముందు అది పోసి, ఆపైన కింది మట్టితో గుంత నింపండి. పిడికిట్లో నలిపితే పొడిపొడిగా రాలి, పేడ వాసన రాకపోతే బాగా మాగినట్టు. పచ్చి పేడ వేస్తే చెదలు పడతాయి. మట్టి కుంగుతుంది కాబట్టి నేలకన్నా జానెడు ఎత్తుగా పోసి, సాయంత్రం పూట నాటండి. అంటు కట్టిన చోటు ఎప్పుడూ మట్టికి పైనే ఉండాలి. అక్కడ చుట్టిన ప్లాస్టిక్ పట్టీ అలాగే వదిలేస్తే కాండం లావెక్కే కొద్దీ కోసుకుపోతుంది. అతుకు గట్టిపడ్డాక విప్పేయండి.

ఆ అతుకు కింద నుంచి చిగురొస్తే వెంటనే గిల్లేయాలి. ఇది మాకు తెలియకే మోసపోయాం. పెళ్లయిన ఏడు మీ మామ ఉత్సాహపడి మార్చిలోనే బేనీషా అంటు తెచ్చి నాటారు. మేలో పైకొమ్మ ఎండిపోయింది. నేను ఏడుస్తుంటే వారానికి కింద నుంచి చిగురు లేచింది. బతికిందని పాయసం కూడా చేశాను. ఏడేళ్లు బిందెలతో నీళ్లు పోశాక కాసింది, పుల్లటి పీచు కాయ! పైన అంటు ఎప్పుడో చచ్చింది, మేం పెంచింది కిందున్న నాటు టెంకమొక్కని. మీ మామ కొట్టేద్దామన్నారు, నేను పడనివ్వలేదు. మీ ఇంటికొచ్చే ఆవకాయ దానిదే.

వచ్చే వేసవికి వారానికి రెండుసార్లు, రెండేసి బిందెల నీళ్లు పోయండి. ఎవరు పోయాలని గొడవ వస్తుంది. ఇద్దరూ ఊరెళ్తే ఎవరికి చెప్పాలన్నది ఇంకో గొడవ. అవి పడాల్సినవే.

ఇంకొక్క మాట. మామిడికి పూత వచ్చేది సరిగ్గా మీ ఫిబ్రవరి రోజుల్లోనే. మొదటి మూడేళ్లూ ఏ చిన్న కంకి వచ్చినా తుంచేయాలి, లేకపోతే మొక్క బలమంతా కాయకే పోయి గిడసబారిపోతుంది. ఆ మూడేళ్లూ మీ పండగ అదే, ఇద్దరూ నిలబడి పూత తుంచడం. అల్లుడు ఒక్క కంకి ఉంచుదామని బతిమాలతాడు. ఒప్పుకోకు.

మీ ఇంట్లో గడ్డపార ఉండదు. 13 సాయంత్రం ఇద్దరూ వచ్చి మాది తీసుకెళ్లండి, రాత్రికి సంగటి, చెనక్కాయల ఊరుబిండి చేస్తాను.

మీ అత్త