ఇరవై ఏడు సబ్బులు

ప్రశ్న: దుకాణం పెట్టుకున్నవాళ్ళ పిల్లలు పెద్దల లెక్కలో తప్పు పట్టుకున్నారని కథల్లో చదువుతుంటాం. అలా నిజంగా ఎక్కడైనా జరిగిందా? ఒక చిన్నపిల్ల స్టాక్ రిజిస్టరులో ఏం కనిపెట్టగలదు?

జరిగింది. ఆ పిల్లను నేనే. 1994లో నేను ఏడో తరగతి చదువుతున్నాను. బోధన్‌లో మా బాపుకు కిరాణా దుకాణం ఉండేది. చిల్లర అమ్మకం తక్కువ. చుట్టుపక్కల ఊళ్ళలోని చిన్న దుకాణాలవాళ్ళు వచ్చి డజన్ల లెక్కన సరుకు తీసుకుపోయేవారు. అలా తీసుకుపోయిన ప్రతిసారీ ఒక చీటీ రాసి, దాన్ని గోడకున్న ఇనుప మేకుకు గుచ్చేవారు. రాత్రి షట్టరు సగం దించాక మా దుకాణంలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న చాచా ఆ చీటీలను ఒక్కొక్కటిగా తీసి, ఒక్కో సరుకుకు రోజు మొత్తం ఎంత పోయిందో నోటితోనే కూడి చెప్పేవాడు, బాపు దాన్ని రిజిస్టరులో ఎక్కించేవాడు. రిజిస్టరులో ఒక్కో సరుకుకు నాలుగే గడులు ఉండేవి: పొద్దున ఉన్నది, వచ్చినది, పోయినది, మిగిలినది.

నా పని సరుకు లెక్కపెట్టడం. ఇక్కడ ఒక మాట చెప్పాలి. రిజిస్టరులో ఎంత ఉందో బాపు నాకు ఎన్నడూ ముందుగా చెప్పలేదు. నేను లెక్కపెట్టి ఒక కాగితం మీద రాసి ఇచ్చాకే ఆయన రిజిస్టరు తెరిచేవాడు. ఈనాటి దుకాణాల్లో, పెద్ద పెద్ద గోదాముల్లో కూడా, చాలాచోట్ల లెక్కపెట్టేవాడి చేతికి పుస్తకంలోని అంకె వేసిన జాబితానే ఇచ్చి పంపుతున్నారు. ఎదురుగా 154 అని అచ్చయి ఉంటే, 150 దాకా లెక్కపెట్టి అలసిపోయినవాడి కంటికి ఆ మిగతా నాలుగూ ఎక్కడో ఒకచోట కనపడే తీరతాయి. అది లెక్క కాదు, సంతకం.

ఆ రాత్రి బట్టల సబ్బుల దగ్గర గొడవ మొదలైంది. పొద్దున 118 ఉన్నాయి. మధ్యాహ్నం 72 సబ్బుల పెట్టె ఒకటి వచ్చింది. పోయినవి 36 అని రిజిస్టరు చెబుతోంది. అంటే 154 మిగలాలి. నేను లెక్కపెట్టింది మాత్రం 127. కట్టు విప్పని పెట్టె ఒకటి నేల మీద అలాగే ఉంది, అది 72. అరమీద డజను చొప్పున పేర్చిన వరసలు నాలుగు, అవి 48. వాటి మీద విడిగా ఏడు సబ్బులు ఉన్నాయి, అందులో ఒకదాని కాగితం ఎలుక కొరికి నీలం రంగు బయటపడింది. రెండోసారి లెక్కపెట్టినా 127 మాత్రమే వచ్చింది. మూడోసారి బాపు స్వయంగా లెక్కపెట్టాడు.

27 సబ్బులు తక్కువ. ఒక్కోటి మూడు రూపాయలు వేసుకున్నా 81 రూపాయలు. గల్లాలోని డబ్బును బాపు చీటీలతో పోల్చి చూశాడు, పైసాతో సహా సరిపోయింది. ఆ సరిపోవడమే ఆయన అనుమానాన్ని పెంచింది. డబ్బు సరిగ్గా ఉండి సరుకు తగ్గిందంటే సరుకే చీటీ లేకుండా గడప దాటిందని ఆయన అనుకున్నాడు. ఆ వాదనలో లోపం ఎక్కడుందో నాకు చాలా ఏళ్ళ తరవాత తెలిసింది. గల్లా లెక్క నేరుగా చీటీల నుంచి వస్తుంది, సరుకు లెక్క మాత్రం చీటీ నుంచి చాచా నోటికి, ఆ నోటి నుంచి బాపు కలానికి చేరుతుంది. రెండూ ఒకే దారిన రావడం లేదు గనుక, ఒకటి సరిపోయినంత మాత్రాన రెండోదాని గురించి అది చెప్పేది ఏమీ లేదు. కానీ ఆ క్షణాన బాపు చూపు మాత్రం రెండు నెలల కిందటే పనిలో చేరిన కుర్రవాడి మీదికి పోయింది. ఆ పిల్లవాడు ఊడుస్తున్న చీపురును అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. ఎవరూ వాడిని ఏమీ అనలేదు, అయినా వాడికి అర్థమైంది.

సరుకు తగ్గిన ప్రతిచోటా మొదట జీతం తక్కువున్నవాడి వైపు చూసే ఈ అలవాటు మీద నాకు ఇప్పటికీ కోపమే. స్టాకు తనిఖీ పనిలోనే నాకు ఇన్నేళ్ళు గడిచాయి. తేడాల్లో ఎక్కువ భాగం దొంగల వల్ల రావు, రాతల వల్ల వస్తాయని నేను బల్లగుద్ది చెబుతాను, ఎవరు కాదన్నా ఒప్పుకోను.

నాకు ఆ రాత్రి తట్టింది గొప్ప విషయమేమీ కాదు. ఆ వారమే మా లెక్కల సారు తరగతిలో ఒక ఆట ఆడించాడు. రెండంకెల సంఖ్య ఒకటి తలుచుకుని, దాన్ని తిరగేసి, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయమన్నాడు. ఎవరు ఏం తలుచుకున్నా, వచ్చిన జవాబును తొమ్మిదితో భాగిస్తే శేషం మిగలలేదు. ఇరవై ఏడు అనగానే నాకు ఆ ఆట గుర్తొచ్చింది. తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు. అంకెలు ఎక్కడో తారుమారైతే ఇంత తేడా వస్తుందని అనిపించింది.

ఎందుకు వస్తుందో ఈ సబ్బులతోనే చెబుతాను. 63ను 36 అని రాశామనుకోండి. పదుల స్థానంలోని ఆరు ఒకట్ల స్థానానికి దిగిపోతే 60 కాస్తా 6 అవుతుంది, అంటే 54 తగ్గుతుంది. ఒకట్ల స్థానంలోని మూడు పైకెక్కితే 3 కాస్తా 30 అవుతుంది, అంటే 27 పెరుగుతుంది. 54 తగ్గి 27 పెరిగితే నికరంగా తగ్గేది 27. ఏ రెండంకెలు స్థానాలు మార్చుకున్నా ఇలాగే తేడా తొమ్మిదికి గుణిజమవుతుంది. అంతేకాదు, పదుల అంకె, ఒకట్ల అంకె స్థానాలు మార్చుకున్నప్పుడు, తేడాను తొమ్మిదితో భాగించగా వచ్చేది ఆ రెండు అంకెల మధ్య ఉన్న వ్యత్యాసం. 27లో తొమ్మిది మూడుసార్లు పోతుంది, కాబట్టి నేను వెతకవలసింది ఒకదానికొకటి మూడు తేడా ఉన్న అంకెలను.

రిజిస్టరులో సబ్బుల వరసను చూశాను. 118లో పక్కపక్కనే ఉన్న ఒకటికీ ఎనిమిదికీ తేడా ఏడు. 72లో తేడా అయిదు. 36లో మూడు. ఆ వరసలో మూడు తేడా ఉన్న సంఖ్య అదొక్కటే. దిశ కూడా సరిపోయింది. సరుకు తగ్గిందంటే పోయినది తక్కువగా రాసి ఉండాలి, 36ను తిరగేస్తే 63, అది ఎక్కువే అవుతుంది. సరుకు తగ్గడం కాక పెరిగి ఉంటే ఈ ఊహను అక్కడే వదిలేయవలసి వచ్చేది.

“బాపూ, సబ్బుల చీటీలు మల్ల ఒకసారి కూడుదామా?” అన్నాను. బాపు విసుక్కున్నాడు. “చాచా కూడిండు గద బిడ్డా” అన్నాడు. చాచా మాత్రం మారు మాట్లాడకుండా మేకు మీదినుంచి చీటీల కట్టను దించాడు. సబ్బులున్న చీటీలు నాలుగు దొరికాయి: 12, 24, 18, 9. మొత్తం 63. చాచా తన కూడికలో తప్పు చేయలేదు. “నేను తిర్‌సఠే అన్న” అని మెల్లగా అన్నాడు.

తప్పు పుట్టిన చోటు అదే. చాచా లెక్కలన్నీ ఉర్దూలో ఉండేవి. మనం అరవై మూడు అన్నప్పుడు ముందు ఆరు వినపడుతుంది, తరవాత మూడు, కలం కూడా అదే వరసలో నడుస్తుంది. తిర్‌సఠ్‌లో ముందు వినపడేది మూడు, తరవాతది అరవై. పొద్దుటినుంచి నిలబడి అలసిపోయిన మనిషి, మాట పూర్తిగా వినకముందే మొదటి ముక్కను పట్టుకుని 3 రాసేసి, దాని పక్కన 6 చేర్చేస్తే 36 తయారవుతుంది. హిందీలోనూ మరాఠీలోనూ ఇదే వరస. మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గరున్న బోధన్ లాంటి ఊళ్ళో బేరం ఒక భాషలో, లెక్క ఇంకో భాషలో, రాత మూడో భాషలో జరుగుతుంది కాబట్టి ఈ రకం తప్పు అక్కడ ఎన్నిసార్లు జరిగి ఎన్నిసార్లు ఎలుకల ఖాతాలో పడిపోయిందో ఎవరూ లెక్క తీయలేరు.

ఈ చిట్కాను మంత్రంలా పట్టుకుని తిరిగేవాళ్ళు కూడా నాకు తగిలారు, అందుకే దీని హద్దు చెప్పడం అవసరం. తొమ్మిదితో భాగింపబడే తేడాలన్నీ తారుమారు వల్లనే రావు. ప్రతి తొమ్మిది సంఖ్యల్లో ఒకటి ఎలాగూ తొమ్మిదికి గుణిజమే కాబట్టి, నిజంగా పోయిన సరుకు కూడా యాదృచ్ఛికంగా 18 గానో 27 గానో ఉండవచ్చు. చీటీ ఒకటి మేకు నుంచి జారి కింద పడిపోతే తేడా ఆ చీటీ అంత ఉంటుంది. 72 సబ్బుల పెట్టె బదులు 60 సబ్బుల పెట్టె వచ్చినా పాత అలవాటుతో 72 అనే రాస్తే తేడా సరిగ్గా డజను ఉంటుంది, అక్కడ తొమ్మిది ఎందుకూ పనికిరాదు. చిట్కా చెప్పేది ఎక్కడ వెతకాలో మాత్రమే. ఆ రాత్రి తీర్పు చెప్పింది నాలుగు చీటీలు. అవి లేకపోతే నా మాటను బాపు నమ్మేవాడు కాదు, నమ్మకూడదు కూడా.

ఇప్పుడు అంతా కంప్యూటరులోనే కదా అని అడిగేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. మీట నొక్కే వేలు కూడా తారుమారు చేస్తుంది. పైగా ఇప్పుడు తేడా రాగానే కారణం వెతకకుండా సర్దుబాటు అని ఒక పద్దు వేసి, పుస్తకాన్ని సరుకుతో సమానం చేసేసి ఇంటికి వెళ్ళిపోతున్నారు. బాపు అలా చేసి ఉంటే సబ్బుల లెక్క ఆ రాత్రే సరిపోయేది, కానీ కుర్రవాడి మీద అనుమానం మాత్రం అలాగే మిగిలేది.

బాపు 36 మీద దిద్దలేదు. దాన్ని అడ్డంగా ఒకే గీతతో కొట్టేసి, కింది అంకె కనపడేలా ఉంచి, పైన 63 అని రాసి, పక్కన పొడి సంతకం పెట్టాడు. 154ను కూడా అలాగే కొట్టేసి 127 చేశాడు. తరవాత కుర్రవాడిని పిలిచి, “ఇగ చీపురు అక్కడ పెట్టు, తిని పో” అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. అనవలసిందని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

మరునాటి నుంచి చాచా ప్రతి మొత్తాన్నీ రెండుసార్లు చెప్పేవాడు. ముందు తన ఉర్దూలో, ఆ తరవాత విడివిడిగా తెలుగు అంకెల్లో: “తిర్‌సఠ్. ఆరు, మూడు.” రెండోది వినేదాకా బాపు కలం కాగితానికి ఆనించేవాడు కాదు. నేను పక్కన ఉన్నానంటే చాచా గొంతు కొంచెం పెంచి, నా వైపు చూస్తూ, ఒక్కో అంకెనూ బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పేవాడు.