టెక్ సందేహాలు: ఏది కొనాలో చెప్పని రిపోర్ట్

ప్రశ్న: పలాసలో మాది చిన్న జీడిపప్పు యూనిట్. బిల్లింగ్, స్టాక్ కోసం డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్, క్లౌడ్ సాఫ్ట్‌వేర్, ఇప్పుడున్న ఎక్సెల్ మూడింటినీ పోల్చి ఫీజిబిలిటీ రిపోర్ట్ తయారుచేశాను. చివరి సిఫారసు చదివి మా పార్ట్‌నర్లు "ఇంతకీ ఏది కొనమంటావు?" అంటున్నారు. ఎలా సరిచేయాలి?

జవాబు: మీరు పంపిన పేజీలో "మూడూ పరిశీలించదగినవే" అని ఉంది. గొడవ అక్కడే మొదలైంది. ఆ వాక్యం తీసేసి, ఏది కొనాలో, మూడేళ్లకు ఎంతవుతుందో, ఎందుకో మొదటి రెండు వాక్యాల్లోనే చెప్పండి. పట్టిక ఆ తర్వాత.

మీ పట్టికలో డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ ఎదురుగా 85,000, క్లౌడ్ ఎదురుగా 2,500 ఉన్నాయి. ఒకటి కంప్యూటర్‌తో కలిపి మొత్తం ధర, ఇంకోటి నెల అద్దె. రెండూ పక్కపక్కన పెడితే ఎవరైనా క్లౌడే చవకనుకుంటారు. ఎక్సెల్‌లో ఒక్కసారి ఖర్చు B2లో, నెలవారీ ఖర్చు B3లో వేసి, మూడింటికీ ఇదే ఫార్ములా వాడండి:

```
=B2+B3*36
```

డెస్క్‌టాప్‌కు సపోర్ట్ నెలకు 750 చొప్పున కలిపితే 1,12,000. క్లౌడ్‌కు శిక్షణ 6,000, అద్దెతో పాటు స్టాండ్‌బై నెట్‌కు నెలకు 500 కలిపితే 1,14,000. ఇప్పుడున్న ఎక్సెల్ ఉచితమని రాశారు, కానీ స్టాక్ సరిచూడటానికి గుమస్తా పెట్టే సమయం మీ లెక్కలోనే నెలకు 4,000. అంటే 1,44,000. ఇది కొత్తగా జేబులోంచి పోయే డబ్బు కాదని కింద ఒక ముక్క రాయండి, లేకపోతే పార్ట్‌నర్లు దాన్నే పట్టుకుంటారు.

మూడేళ్లలో 2,000 తేడా ఏమాత్రం? ధర తేల్చలేదు కాబట్టి రిస్కే తేల్చాలి. మీరు మాత్రం రిస్కులన్నీ ఒకే పేరాలో కుప్పపోశారు. ఏ రిస్కు ఏ ఆప్షన్‌దో, వస్తే ఏం పోతుందో విడివిడిగా రాయండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ పలాస దగ్గరే తీరం దాటింది, ఎన్నో ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు క్లౌడైతే బిల్లింగ్ ఆగుతుంది, కానీ లెక్కలు బయటి సర్వర్‌లో ఉంటాయి కాబట్టి పోవు, చేతిరాత బిల్లు పుస్తకంతో నెట్టుకురావచ్చు. డెస్క్‌టాప్ తడిస్తే, బ్యాకప్ కూడా అదే గదిలో ఉంటే, లెక్కలే పోతాయి. మొదటిది ఆలస్యం, రెండోది తిరిగి రాని నష్టం. అందుకే నా ఓటు క్లౌడ్‌కు.

సిఫారసు ఇలా ఉండొచ్చు: "క్లౌడ్ సాఫ్ట్‌వేర్ తీసుకుందాం. మూడేళ్లకు 1,14,000 అవుతుంది. డెస్క్‌టాప్ కంటే 2,000 ఎక్కువైనా, తుపానులో లెక్కలు పోవు. నెల అద్దె 3,000కు పెరిగితే మొత్తం 1,32,000 అవుతుంది, అప్పుడు డెస్క్‌టాప్‌ను మళ్లీ చూద్దాం."

ఆ చివరి వాక్యం వదలకండి. నిర్ణయం ఎక్కడ మారుతుందో తెలిస్తేనే పార్ట్‌నర్లు ధైర్యంగా సంతకం పెడతారు. దాని కింద ఒక షరతు కూడా చేర్చండి: ఒప్పందానికి ముందే మన బిల్లులన్నీ ఎక్సెల్ ఫైలుగా దించుకోవచ్చో లేదో డెమోలో చేయించి చూడాలి. అది కుదరకపోతే ఈ సిఫారసు చెల్లదని కూడా అక్కడే రాయండి.