రెండు ఉష్ణోగ్రతల దగ్గర ఆవిరి పీడనం తెలుసు, కానీ బాష్పీభవన ఎంథాల్పీ 565 జౌల్స్ వస్తోంది, ఎందుకు?

ప్రశ్న: నీటి ఆవిరి పీడనం 25 డిగ్రీల దగ్గర 23.76 మి.మీ., 50 దగ్గర 92.51 మి.మీ. ఫార్ములాలో వేస్తే మోల్‌కి 565 జౌల్స్ వచ్చింది. పుస్తకంలో 40.7 కిలోజౌల్స్ అని ఉంది. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు: సెల్సియస్‌లో వేశారు. 565 అన్న అంకె చూడగానే తెలిసిపోతుంది, ఎందుకంటే 1/25 నుంచి 1/50 తీసేస్తే 0.02 వస్తుంది, దాంతో లెక్క కడితే సరిగ్గా అదే వస్తుంది. కెల్విన్‌లోకి మార్చి మళ్లీ చేయండి:

```
ln(P2/P1) = (ΔH/R) × (1/T1 − 1/T2)
ln(92.51/23.76) = 1.359
1/298.15 − 1/323.15 = 0.0002595
ΔH = 8.314 × 1.359 / 0.0002595 ≈ 43,550 J/mol
```

అంటే సుమారు 43.6 కిలోజౌల్స్. ఇప్పుడు మీకు ఇంకో డౌట్ వస్తుంది, 40.7 రాలేదేంటి అని. రాకూడదు. ఆ 40.7 నీరు 100 డిగ్రీల దగ్గర మరిగేటప్పటి విలువ. 25 దగ్గర అది దాదాపు 44. వేడెక్కే కొద్దీ ద్రవంలో అణువుల మధ్య పట్టు సడలుతుంది కాబట్టి వాటిని విడదీయడానికి పట్టే శక్తీ తగ్గుతూ పోతుంది, 374 డిగ్రీల క్రిటికల్ ఉష్ణోగ్రతకి చేరేసరికి సున్నా అయిపోతుంది. ఈ ఫార్ములా మాత్రం రెండు ఉష్ణోగ్రతల మధ్య ΔH మారదనుకుని రాసింది, కాబట్టి మీకొచ్చింది ఆ మధ్యలో ఎక్కడో ఉండే సగటు విలువ.

ఈ 40.7 నన్ను కూడా ఒకసారి బాగా మోసం చేసింది. బీఎస్సీలో ఐసోటెనిస్కోప్‌తో ఇదే ప్రయోగం చేశాం. గాజు బల్బులో నీళ్లు, దానికి అతికిన యు-ట్యూబు, మొత్తం వాటర్ బాత్‌లో. ముందుగా పంపు పెట్టి నీటిని తక్కువ పీడనంలో మరిగించి లోపలున్న గాలినంతా తరిమేయాలి. మేం ఒక్క నిమిషం మరిగించి ఇక చాల్లే అనుకున్నాం. 25 దగ్గర 28.8, 50 దగ్గర 97.5 మి.మీ. వచ్చాయి. లెక్క కడితే 39.1 కిలోజౌల్స్. పుస్తకంలో 40.7 ఉంది, నాలుగు శాతమే తేడా, ఇంకేం కావాలి, రికార్డులో రాసేశాం.

మా మేడమ్ రికార్డు చూసి ఏమీ అనలేదు, 75 దగ్గర కూడా ఒక రీడింగ్ తీసుకురమ్మన్నారు, అంతే. 294.1 వచ్చింది. 50కీ 75కీ మధ్య లెక్క కడితే 41.3. "వేడెక్కితే తగ్గాల్సింది పెరిగిందేంటమ్మా?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు.

లోపల మిగిలిపోయిన గాలి ప్రతి రీడింగ్‌కీ సుమారు 5 మి.మీ. కలుపుతోంది. 25 దగ్గర అసలు పీడనమే 23.8 కాబట్టి ఆ 5 అంటే ఐదో వంతు. 75 దగ్గర అసలు పీడనం 289, అక్కడ అదే 5 రెండు శాతం కూడా కాదు. తక్కువ పీడనం బాగా ఉబ్బి, ఎక్కువ పీడనం కొంచెమే ఉబ్బితే P2/P1 తగ్గుతుంది, దాంతో ΔH కూడా తగ్గుతుంది. కింది రెండు ఉష్ణోగ్రతల జతలో దెబ్బ పెద్దది, పై జతలో చిన్నది, అందుకే పైకి పోయే కొద్దీ విలువ పెరిగినట్టు కనిపించింది. అసలైతే 43.6 నుంచి 42.6కి దిగాలి. గది వాతావరణ పీడనం 5 మి.మీ. ఎక్కువగా చదివినా అచ్చం ఇదే జరుగుతుంది, మానోమీటర్ రీడింగ్‌ని అందులోంచే తీసేస్తాం కదా. మర్నాడు గాలి పోయేదాకా ఓపిగ్గా మరిగించి మళ్లీ తీస్తే రీడింగులు దారికొచ్చాయి.

మీ అంకెలు టేబుల్‌లోవి కాబట్టి ఈ గొడవ లేదు. కానీ ల్యాబ్‌లో మీరే కొలవబోతుంటే మూడో ఉష్ణోగ్రత తప్పకుండా తీసుకోండి, రెండింటితో వచ్చిన విలువ తప్పైనా ఆ రెండు పాయింట్లూ బయటపెట్టవు, రెండు చుక్కల మీదుగా సరళరేఖ ఎప్పుడూ గీయొచ్చు. ఉష్ణోగ్రతల మధ్య దూరం కూడా చూసుకోండి. 25, 30 తీసుకుంటే పై రీడింగ్‌లో అర మి.మీ. పొరపాటు ΔHని 5 శాతం దాకా కదిలిస్తుంది, అదే 25, 50 అయితే అర శాతం కూడా కదలదు. మరీ దూరం పోతే సగటు అన్న మాటకి అర్థం పలచబడుతుంది, నేనైతే పాతిక డిగ్రీల తేడా దగ్గర ఆగుతాను.