ఇంటికి బీమా మొత్తం ఎంత ఉండాలి?

సైనిక్‌పురిలో 200 గజాల్లో ఉన్న మా రెండంతస్తుల ఇల్లు ఇప్పుడు 2 కోట్లు పలుకుతోంది. బీమా కూడా 2 కోట్లకే చేయించాలా?

అవసరం లేదు. ఇల్లు కాలిపోయినా స్థలం మీ పేరనే ఉంటుంది కనుక, ఇంటిని ఇప్పటి రేట్లకు మళ్లీ కట్టడానికయ్యే ఖర్చుకే బీమా చేయించాలి. అంతకు మించి కట్టిన ప్రీమియం వృథా అవుతుంది.

ఇళ్లకు ఉద్దేశించిన ప్రామాణిక బీమా అయిన భారత్ గృహ రక్ష పాలసీలో, ఇంటి లోపల వాడుకునే నేల వైశాల్యాన్ని, అంటే కార్పెట్ ఏరియాను పాలసీ మొదలయ్యే నాటి నిర్మాణ రేటుతో గుణిస్తారు. పొరపాటు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది, ఎందుకంటే మేస్త్రీ చెప్పే రేటు గోడల మందం, బాల్కనీలు కలిసిన స్లాబ్ ఏరియాకు వర్తిస్తుంది. ఉదాహరణకు, మీ స్లాబ్ ఏరియా 2,400 చదరపు అడుగులు, రేటు రూ. 2,200 అనుకుంటే ఖర్చు రూ. 52.8 లక్షలు. అదే రేటును 2,000 అడుగుల కార్పెట్ ఏరియాకు వేస్తే రూ. 44 లక్షలే వస్తుంది. ఈ పాలసీలో తక్కువ బీమా చేశారని పాక్షిక నష్టపు క్లెయిమ్‌లో కోత పెట్టరు గానీ, ఇల్లు పూర్తిగా కూలితే 44 లక్షలు దాటి రాదు. అందుకే మొత్తం ఖర్చును కార్పెట్ ఏరియాతో భాగించి, అడుగుకు రూ. 2,640 చొప్పున రాయించండి.

ప్రహరీ, సంపు, కారు షెడ్డు వంటి వాటికి విడిగా లెక్కగట్టి కలపాలి. చాలామంది ప్రహరీని మరచిపోతారు. శిథిలాల తొలగింపు, ఆర్కిటెక్ట్ ఫీజు పరిమితి మేరకు పాలసీలోనే ఉంటాయి కాబట్టి వాటిని కలపనక్కర్లేదు. దీర్ఘకాలిక పాలసీ అయితే బీమా మొత్తం ఏటా 10 శాతం దానంతటదే పెరుగుతుంది, కానీ మీరు పైన మరో గది వేస్తే ఆ విషయం కంపెనీకి తెలిపి మొత్తాన్ని పెంచుకోవాలి.