రోజూ ధరల వీడియోకు కొత్త శీర్షిక ఎక్కడ దొరుకుతుంది?

"గుంటూరు మిర్చి యార్డు ధరలు రోజూ యూట్యూబ్‌లో పెడుతున్నాను. తేదీ తప్ప శీర్షిక, వివరణ అన్నీ ఒకటే. వీటిని ఒకే వీడియోగా లెక్కగట్టి పక్కన పెడతారా? రోజూ కొత్తగా ఏం రాయాలి?"

శీర్షికలు దగ్గరగా ఉన్నంత మాత్రాన వీడియోను తీసేయరు. ఇబ్బందంతా ఆదాయానికి అనుమతి అడిగినప్పుడే. మూసపోసినట్టు ఒకేలా ఉండే వీడియోలకు ఆ అనుమతి ఇవ్వరు. 2025 జులైలో ఆ నిబంధనను ఇంకా స్పష్టంగా రాశారు. అందుకే నేను ముందు వీడియోనే మార్చాను. కదలని పట్టిక మీద గొంతు వినిపించడం మానేసి, ఆ రోజు దిగిన బస్తాలు, చేతిలో కాయ చూపించడం మొదలుపెట్టాను.

శీర్షికకు సరుకు యార్డులోనే దొరుకుతుంది. బయటికి వచ్చేముందు చిన్న పుస్తకంలో రాసుకుంటాను: ఎన్ని బస్తాలు వచ్చాయి, నిన్నటి మీద ఏ రకం కదిలింది, ఎందుకు. ఉదాహరణకు తేజ గరిష్ఠ ధర నిన్న క్వింటాకు 14,000, ఈరోజు 14,500 అనుకుందాం. బస్తాలు తగ్గాయి. అప్పుడు శీర్షిక ఇలా పెడతాను: "తేజ గరిష్ఠ ధర 500 పెరిగింది, బస్తాలు తగ్గాయి | గుంటూరు మిర్చి | మార్చి 12". శీర్షికకు 100 అక్షరాల హద్దు ఉంది. ఫోనులో అంతకంటే ముందే తెగిపోతుంది కాబట్టి కబురు ముందు, ఊరు, తేదీ తర్వాత.

ధర కదలని రోజు కూడా వెతికితే ఏదో ఒకటి ఉంటుంది: శీతల గిడ్డంగిలో దాచిన ఏసీ సరుకుకూ కొత్త కాయకూ మధ్య తేడా, 334 రకం అడిగేవాళ్లు తగ్గడం, తాలు కాయ ధర. ఏమీ లేకపోతే "మార్పు లేదు" అనే రాస్తాను. "భారీగా పెరిగింది" అని మాత్రం రాయను. గరిష్ఠ ధర పలికేది ఏ కొద్ది లాట్లకో. ఆ మాట నమ్మి రైతు లారీ కిరాయి కట్టి సరుకు తెస్తాడు.

వివరణలో పైన కనిపించే రెండు వరుసల్లో ఆ రోజు ధరలు, కారణం రాయండి. యార్డు వేళలు, క్వింటా లెక్క వంటివి కింద రోజూ ఒకేలా ఉన్నా ఫరవాలేదు. వాటిని యూట్యూబ్ స్టూడియోలో Upload defaults కింద దాచుకోవచ్చు, తేదీని మాత్రం అందులో పెట్టకండి. నేను పెట్టి, మార్చడం మరిచిపోయి, బుధవారం ధరలను సోమవారం తేదీతో వదిలాను. పాత ధరలు చూపిస్తున్నానని ఒక రైతు వ్యాఖ్యలో కడిగేశాడు, అతని తప్పేమీ లేదు.

శని, ఆదివారాలు యార్డుకు సెలవు. అప్పుడు శుక్రవారం వీడియోనే మళ్లీ ఎక్కించకుండా, వారమంతా తేజ ఎలా నడిచిందో పుస్తకం చూసి చెబుతాను.