బీపీ తగ్గకపోతే డోసు పెంచకుండా రెండో మందు ఎందుకు కలుపుతారు?

ప్రశ్న: మా అమ్మకి 57 ఏళ్లు. ఆమ్లోడిపిన్ 5 వేసుకుంటున్నా బీపీ 150/94 దగ్గరే ఉంటోంది. డాక్టర్ గారు దాన్ని 10 చేయకుండా, టెల్మిసార్టాన్ 40 కలిసిన మాత్ర రాశారు. ఒక మందుతో పోయేదానికి రెండెందుకండీ? డోసు పెంచితే సరిపోదా?

జవాబు: నేను ఫార్మసిస్టుని, మెడికల్ షాపు నడుపుతాను. చీటీ చూపించి ఇదే మాట అడిగేవాళ్లు మా కౌంటర్ దగ్గర చాలామందే ఉంటారు. డోసు రెట్టింపు చేస్తే బీపీ కూడా రెట్టింపు తగ్గుతుందని అనుకోవడంలోనే చిక్కంతా ఉంది.

బీపీ మందులు తక్కువ డోసులోనే తమ పని చాలావరకు చేసేస్తాయి. 2003లో 354 ట్రయల్స్‌ని కలిపి లెక్కేసి చూశారు. మామూలు డోసు పై బీపీని సగటున 9 పాయింట్లు తగ్గిస్తే, అందులో సగం డోసు 7 తగ్గించింది. అంటే డోసు రెట్టింపు చేసినందుకు అదనంగా దక్కింది రెండే పాయింట్లు. అదే వేరే రకం మందు తోడైతే అది తగ్గించేది దాదాపు పూర్తిగా అదనమే. ఇవి సగటు లెక్కలు, మనిషిని బట్టి మారతాయి.

దీనికి కారణం మన ఒంట్లోనే ఉంది. ఆమ్లోడిపిన్ రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. బీపీ పడిపోతోందని శరీరం కంగారుపడి, కిడ్నీల దగ్గర మొదలయ్యే రెనిన్ వ్యవస్థ ద్వారా నాళాలను మళ్లీ బిగించాలని చూస్తుంది. ఆమ్లోడిపిన్ ఎంత పెంచినా ఈ ఎదురుదెబ్బ ఆగదు. టెల్మిసార్టాన్ అడ్డుకునేది సరిగ్గా దాన్నే.

ఇక సైడ్ ఎఫెక్ట్ సంగతి. మా పెద్దమ్మకి 5 మిల్లీగ్రాములతో బీపీ 146/90 ఉండేది. ఊళ్లో చూపించుకుంటే 10 చేశారు. బీపీ 142/88కి వచ్చింది, అంతే. కొన్ని వారాలకి "పట్టీలు కాళ్లకి దిగబడుతున్నాయిరా" అంది. చీలమండ పైన వేలితో నొక్కితే గుంట పడి, కాసేపు అలాగే ఉండిపోయేది. నీరు పట్టిందని మూత్రం పోయే మాత్ర ఇచ్చారు. వాపు తగ్గలేదు సరికదా, రాత్రిళ్లు లేచి బాత్రూమ్‌కి తిరగడం ఎక్కువైంది. ఒక మందు తెచ్చిన ఇబ్బందికి ఇంకో మందు రాయడం నేను తరచూ చూసేదే.

ఆ వాపు ఒంట్లో నీరు ఎక్కువై వచ్చింది కాదు. ఆమ్లోడిపిన్ రక్తాన్ని తెచ్చే సన్న ధమనులను తెరుస్తుంది, తీసుకెళ్లే సిరలను అంతగా తెరవదు. పైన తూము ఎత్తి, కింద నీరు పోయే దారి వదలకపోతే మడిలో నీరు నిలిచినట్టే. మందు కంపెనీల సమాచారపత్రంలోనే ఈ వాపు 5 మిల్లీగ్రాముల దగ్గర నూటికి ముగ్గురిలో, 10 దగ్గర సుమారు పదకొండు మందిలో కనిపించిందని ఉంటుంది. ఆడవాళ్లలో ఇంకాస్త ఎక్కువ. టెల్మిసార్టాన్ సిరల వైపు కూడా తెరుస్తుంది కాబట్టి, తోడు చేస్తే వాపు తగ్గుతుంది. తర్వాత చూసిన ఫిజీషియన్ క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించి, మూత్రం మాత్ర ఆపి, 5 ప్లస్ 40 కలిసిన మాత్రకి మార్చారు. నెల తిరిగేసరికి 130/82, పట్టీలు వదులయ్యాయి.

రెండు విడి మాత్రలుగా కాకుండా ఒకటిగా రాయడానికి కారణం మామూలుదే: రెండు స్ట్రిప్పులుంటే ఒకటి అయిపోయినప్పుడు రెండోదానితోనే సరిపెట్టేవాళ్లు చాలామంది.

అందరికీ ఇదే పద్ధతి అని కాదు. 85 దాటినవాళ్లకి, లేచి నిలబడితే కళ్లు తిరిగేవాళ్లకి ఒక్క మందుతోనే మొదలుపెడతారు. గర్భిణులకి టెల్మిసార్టాన్ ఇవ్వకూడదు. కలిపిన మాత్రలో ఏదైనా పడకపోతే అది ఏ మందు వల్లో తేల్చడం కొంచెం కష్టం కూడా.

అమ్మగారి విషయంలో ఇవి చూసుకోండి. మొదలుపెట్టిన ఒకటి రెండు వారాలకి క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చూడాలా అని డాక్టర్ గారిని అడగండి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ రోజుల్లో మాత్ర వేసుకోవచ్చో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు టెల్మిసార్టాన్ కిడ్నీలకి ఇబ్బంది. బీపీ పూర్తిగా అదుపులోకి రావడానికి నాలుగు వారాలు పట్టొచ్చు, మూడో రోజుకే తగ్గలేదని టెన్షన్ పడొద్దు. అన్నిటికన్నా ముందు ఇంట్లో మిగిలిన పాత ఆమ్లోడిపిన్ స్ట్రిప్పు పక్కకి తీసేయండి. కొత్త మాత్రలో అది ఉందని తెలియక రెండూ వేసుకుంటూ, కాళ్లు వాచి మా షాపుకి వచ్చినవాళ్లున్నారు.