మనవాళ్లే అనుకుని పలకరించినప్పుడు

చిరంజీవి బుజ్జమ్మకు,

పెద్దమ్మ ఆశీస్సులు. విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఎవరినో చూసి మన బొబ్బిలి పిన్ని అనుకుని పలకరించావనీ, కాదని తెలియగానే మాటైనా లేకుండా వచ్చేశావనీ ఫోన్‌లో చెప్పావు కదా. పలకరించడంలో తప్పేమీ లేదమ్మా. ఏమీ చెప్పకుండా వచ్చేశావే, అదే నాకు నచ్చలేదు. నువ్వు వెళ్లాక ఆవిడ “ఎవరీ పిల్ల, నాతో ఏం పని?” అనుకుని మెళ్లో గొలుసు, చేతిలో సంచి తడిమి చూసుకునే ఉంటుంది. ఒంటరిగా ప్రయాణం చేసే ఆడవాళ్లకు ఆ భయం సహజం.

అందుకని ముందు ఆ భయం తీర్చాలి. చెయ్యి వేసి ఉంటే వెంటనే తీసేసి, ఒక అడుగు వెనక్కి జరిగి, “ఏమీ అనుకోకండమ్మా, మా పిన్ని అనుకున్నాను” అను. ఎవరనుకున్నావో చెప్పడమే ముఖ్యం. వట్టి ‘సారీ’తో ఆవిడ అనుమానం తీరదు. అలాగని నాలుగైదుసార్లు సారీ చెప్పకు. అప్పుడు నిన్ను ఊరడించే పని ఆవిడ మీద పడుతుంది. ఇంకో సంగతి. నువ్వు అనుకున్నది మీ అమ్మమ్మని అయితే, యాభై ఏళ్ల ఆవిడ ముఖం మీద ఆ మాట అనకు. “మా బంధువులు అనుకున్నాను” అంటే చాలు.

ఇంతవరకూ తేలికే. అవతలి మనిషి కూడా నిన్ను ఎరిగినట్టే మాట్లాడినప్పుడే అసలు చిక్కు. మన వైపు ఇది ఎక్కువ. ఎవరైనా “బాగున్నారా పిన్నీ?” అంటే, గుర్తుపట్టకపోయినా “ఎవరమ్మా నువ్వు?” అని అడగడానికి మొహమాటపడతారు. పెళ్లిలో ఎక్కడో చూసుంటాం, అడిగితే నొచ్చుకుంటారని “ఆఁ, బాగున్నానమ్మా, నువ్వెలా ఉన్నావు?” అనేస్తారు. దాంతో నీ పొరపాటు నీకు తెలియదు, ఆవిడకి నువ్వెవరో తెలియదు. మాట మాత్రం సాగుతూనే ఉంటుంది.

దాన్ని ఎలా పసిగట్టాలంటే, ఆవిడ జవాబులు గమనించు. “ఎప్పుడొచ్చారు?” అంటే “ఇప్పుడేనమ్మా”, “అందరూ కులాసానా?” అంటే “ఆఁ, అందరూ బాగున్నారు” అంటుంది. ఎవరైనా చెప్పగలిగిన జవాబులే ఇవి. నీ పేరు పెట్టి పిలవదు, మీ అమ్మ ఎలా ఉందని అడగదు. కళ్లు మాత్రం నీ ముఖమంతా వెతుకుతుంటాయి. రెండు మూడు మాటలకే ఇది తెలిసిపోతుంది.

అప్పుడు పరీక్ష పెడుతున్నట్టు “నేనెవరో చెప్పండి చూద్దాం” అనకూడదు. “బాబాయిగారు రాలేదా?” అని కూడా అడక్కు. ఆవిడ ఇంట్లో ఏ కష్టం ఉందో నీకేం తెలుసు? ముందు నువ్వే నీ సంగతి చెప్పు. “మీరు బొబ్బిలి పిన్నిగారే కదండీ? నేను మీ పెద్దక్కగారి రెండో అమ్మాయిని.” ఇలా అంటే ఆవిడకి మొహమాటం వదిలిపోతుంది. “కాదమ్మా, మాది పాలకొండ” అని హాయిగా చెప్పగలుగుతుంది. నిజంగా పిన్నే అయి, నిన్ను గుర్తుపట్టక తడబడుతున్నా ఇదే మాట పనికొస్తుంది. ఇంటి అడ్రసు, నాన్న ఉద్యోగం లాంటివి మాత్రం కొత్తవాళ్ల దగ్గర చెప్పకు.

కాదని తేలాక, “అయ్యో, నేనే పొరబడ్డానండి, మా పిన్ని కూడా మీలాగే ఉంటుంది” అని దండం పెట్టు. ఆవిడ అప్పటిదాకా తెలిసినట్టు మాట్లాడింది కదా, ఆ ఊసు ఎత్తకు. తర్వాత ఒక క్షణం ఆగు. ఆవిడ “మీదే ఊరమ్మా?” అని అడిగితే రెండు మాటలు మాట్లాడు. బస్సు వైపో ఫోను వైపో చూపు తిప్పుకుంటే “వస్తానండి” అని కదులు. ఇద్దరూ ఒకే బస్సు ఎక్కాల్సి వస్తే వేరే సీటు చూసుకో, దిగేటప్పుడు కనబడితే తలూపితే సరిపోతుంది.

దసరా వెళ్లాక వచ్చే మంగళవారం సిరిమానోత్సవం కదా, మూడు లాంతర్ల దగ్గర జనం తోసుకుంటూ ఉంటారు. ఊళ్ల నుంచి మన చుట్టాలు వస్తారని ఎదురుచూస్తూ ఉంటాం, కాబట్టి ఆ రోజు కాస్త పోలిక ఉన్నవాళ్లంతా మనవాళ్లలాగే కనిపిస్తారు. చీర, జడ, నడక చూసి వెనకనుంచి భుజం తట్టకు. పక్కనుంచి ముందుకెళ్లి కళ్లు, ముక్కు, నోరు చూశాకే పిలు. బాగా ఎరిగినవాళ్లని మనం ఆనవాలు పట్టేది ఎక్కువగా వాటితోనే. మీ తమ్ముడికి కూడా ఈ మాట గట్టిగా చెప్పు, పరాయి ఆడవాళ్ల భుజం మీద మగపిల్లాడి చెయ్యి పడితే మాట వినేదాకా ఎవరూ ఆగరు.

పండక్కి ముందు రోజే వచ్చేయండి, ఎదురుచూస్తుంటాను.

మీ పెద్దమ్మ